రిమోట్ కొన్నా గ్రూప్ ఫొటోలో ముఖాలు అలుక్కుపోతున్నాయి. తప్పు స్టాండ్‌దా, ఫోన్‌దా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
జనవరి 17, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా తాతయ్యకి ఈమధ్యే 80 నిండాయి. ఈ పండక్కి విశాఖ, బరంపురం, రాయగడ నుంచి మావాళ్లంతా వచ్చారు. మొత్తం 34 మందిమి. నాకు ఊహ తెలిశాక ఇంతమందిమి ఒకచోట చేరడం ఇదే మొదలు. పండగ పూట స్టూడియో వాళ్లెవరూ దొరకలేదు. అందుకని ఒక ఫోన్ స్టాండూ, చిన్న బ్లూటూత్ రిమోటూ ముందే తెప్పించి పెట్టుకున్నాను.

కనుమ నాడు సాయంత్రం ఆరు కావస్తుండగా పెరట్లో తులసికోట పక్కన అందరినీ నిలబెట్టాం. మొదట మా పిన్ని కొడుకు ఫోన్ చేత్తో పట్టుకుని నాలుగు తీశాడు. అన్నీ చెదిరిపోయాయి. తర్వాత స్టాండ్ మీద పెట్టి, నేను వెనక వరసలో నిలబడి రిమోట్ నొక్కాను. రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి క్లిక్ మంది, హమ్మయ్య అనుకున్నాం. తీరా పెద్దది చేసి చూస్తే తాతయ్య ముఖం ఒక్కటే బాగుంది. మిగతా ముఖాలు తడిగుడ్డతో తుడిచినట్టు అలుక్కుపోయాయి. పిల్లలైతే పొగలా ఉన్నారు.

స్టాండ్ మీద పెట్టి, ఫోన్ ముట్టుకోకుండా తీసినా ఎందుకిలా వచ్చింది? ఆదివారం రాత్రి బండికి అందరూ వెళ్లిపోతున్నారు. ఆలోగా ఇంకోసారి తీయాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

---

గుణుపురం బావ
జనవరి 17, రాత్రి 9:41

అక్కా, స్టాండ్ తేలికైనదైతే అంతే. గాలికి ఊగుతుంది. మధ్యలో కొక్కెం ఉంటే దానికి రెండు ఇటుకలున్న సంచి తగిలించండి. రిమోట్ పక్కన పెట్టేసి టైమర్ 10 సెకన్లు పెట్టుకోండి, అది మోసం చేయదు. ముఖ్యంగా నైట్ మోడ్ ఆన్ చేయండి. స్టాండ్ మీద నైట్ మోడ్ పెడితే ఫొటో పగలు తీసినట్టు వస్తుంది. కార్తీక మాసంలో మా వీధి గుడిని అలాగే తీశాను. గోపురం మీద బొమ్మలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

---

సిరొంచ టీచర్
జనవరి 17, రాత్రి 10:05

నాదీ ఇదే సమస్య. రిమోట్ నొక్కితే నాకు అసలు ఫొటోనే పడదు, ఫోన్ సౌండ్ పెరుగుతుంది! పోయిన నెల పదో తరగతి పిల్లల్ని ప్రాణహిత ఒడ్డుకి తీసుకెళ్లాను. ఎండలో అరగంట నిలబెట్టి, చివరికి అక్కడున్న పడవ ఆయన్ని బతిమాలి తీయించాను. రిమోట్‌లో లోపం ఉందని వాపసు ఇచ్చేద్దామనుకుంటున్నాను. మీదీ వాపసు ఇచ్చేయండి.

---

జయపురం ఫొటో
జనవరి 17, రాత్రి 10:52

టీచరమ్మా, తొందరపడి వాపసు ఇవ్వకండి. మీ సంగతి చివర్లో చెబుతాను, చిన్న సెట్టింగే.

పర్లాకిమిడి అమ్మాయికి ముందు ఒక పని చెబుతాను. రెండు ఫొటోలూ తెరిచి, మనుషుల్ని వదిలేసి తులసికోట మీద పెద్దది చేసి చూడు. కోట మీద ముగ్గు గీతలో, పెచ్చులూడిన చోటో, ఏదో ఒకటి ఉంటుంది కదా. అది రెండింటిలోనూ ఎలా కనిపిస్తోందో చెప్పు. క్లిక్ అన్న తర్వాత తెర మీద ఏమైనా తిరిగిందేమో గుర్తు చేసుకో. గ్యాలరీలో ఫొటోని పైకి తోస్తే వివరాలు వస్తాయి. అక్కడ 1/10 లాంటి అంకె ఉంటుంది, అదీ రాయి.

ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. బ్లర్ అని ఎవరు ఫొటో తెచ్చినా ముందు గోడనే చూస్తాను, మనుషుల్ని చూడను.

---

మహేంద్రతనయ
జనవరి 17, రాత్రి 11:20

చూశానండి. పిన్ని కొడుకు తీసిన నాలుగింటిలో తులసికోట అంచు రెండు గీతల్లా ఉంది, ముగ్గు అసలు తెలియడం లేదు. వివరాల్లో 1/10 అని ఉంది.

రిమోట్‌తో తీసినదాంట్లో ముగ్గు గీత గీతా కనిపిస్తోంది! కోట ముందు పెట్టిన దీపం కుందె మీద నూనె మరక కూడా తెలుస్తోంది. ఆ పక్కనే మా అత్త ముఖానికి మాత్రం కళ్లు లేవు.

ఔను, క్లిక్ అన్నాక తెర మీద ఒక గుండ్రం నాలుగైదు సెకన్లు తిరిగింది. పక్కన చంద్రవంక గుర్తు ఉంది. క్లిక్ అనగానే అయిపోయిందనుకుని అందరం కదిలిపోయాం. తాతయ్య మాత్రం ఎప్పటిలాగే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునే ఉన్నారు.

---

జయపురం ఫొటో
జనవరి 17, రాత్రి 11:58

జవాబు నువ్వే చెప్పేశావు.

చేత్తో తీసిన ఫొటోలో కోట కూడా చెదిరింది. అంటే అక్కడ ఊగింది ఫోన్. సెకనులో పదో వంతు సేపు చేతిని కదలకుండా పట్టుకోవడం చాలామందికి కష్టం. రిమోట్ ఫొటోలో కోట నిక్కచ్చిగా ఉంది, ముఖాలే అలుక్కుపోయాయి. అంటే నీ స్టాండ్, నీ రిమోట్ తమ పని సరిగ్గానే చేశాయి. కదిలింది మనుషులు. స్టాండ్ ఫోన్‌ని ఆపగలదు గానీ ఎదురుగా ఉన్న 34 మందిని ఆపలేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వెలుతురు తగ్గితే ఫోన్ తనంతట తానే నైట్ మోడ్‌లోకి పోతుంది. ఒక్క ఫొటో కాకుండా వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. తాను చేతిలో ఉన్నానా, కదలని చోట ఉన్నానా అన్నది కూడా కనిపెడుతుంది. కదలడం లేదని తేలితే ఒక్కో ఫ్రేముని ఇంకా ఎక్కువసేపు తీస్తుంది. 2018లో గూగుల్ తన ఫోన్లలో నైట్ సైట్ తెచ్చినప్పుడు ఈ లెక్క బయటపెట్టింది. చేతిలో ఉంటే ఒక్కో ఫ్రేము సెకనులో మూడో వంతు వరకు, స్టాండ్ మీద ఉంటే పూర్తి సెకను వరకు. ఐఫోన్ అయితే స్టాండ్ మీద నైట్ మోడ్‌ని 30 సెకన్ల దాకా కూడా తీసుకెళ్తుంది. గుడి గోపురానికి అది వరం. నవ్వుతూ, ఊపిరి తీస్తూ, పిల్లని సర్దుకుంటూ ఉండే మనుషులకి అదే దెబ్బ. నువ్వు స్టాండ్ పెట్టడం వల్లే ఫోన్ ఇంకా తీరిగ్గా తీసింది.

గుణుపురం తమ్ముడు గుడి విషయంలో చెప్పింది నిజం. గోపురం కదలదు.

కాబట్టి ఆదివారం నైట్ మోడ్ ఆపేయి, లేదా అది అవసరం పడని వేళకి తియ్యి. రెండోదే మంచిది. ఈ రోజుల్లో మన దగ్గర ఐదున్నర దాటాక సూర్యుడు దిగిపోతున్నాడు. ఎదురెండ కళ్లల్లో పడితే అందరూ కళ్లు చికిలిస్తారు. నాలుగున్నరకి ఇంటికి తూర్పు వైపు నీడ పడుతుంది కదా, ఆ నీడలో నిలబెట్టు. పైన ఆకాశం తెరుచుకుని ఉండాలి, చెట్టు కింద వద్దు. తీసిన మొదటి ఫొటో వివరాల్లో 1/100 గానీ అంతకన్నా వేగంగా గానీ ఉంటే నిశ్చింతగా ఉండు. 1/60 వరకు పెద్దవాళ్లకి సరిపోతుంది, పిల్లలకి చాలదు. 1/30కి పడిపోయిందంటే ఇంకా వెలుతురున్న చోటికి జరగాలి.

---

గుణుపురం బావ
జనవరి 18, ఉదయం 6:30

గురువుగారూ, నైట్ మోడ్ సంగతి ఒప్పుకుంటున్నాను. నేను మనుషుల్ని ఎప్పుడూ అలా తీయలేదు. కానీ రిమోట్ కన్నా టైమర్ నయమన్న మాట మీదే ఉన్నాను. అక్కయ్యకి రిమోట్ రెండుసార్లు పని చేయలేదు కదా?

---

జయపురం ఫొటో
జనవరి 18, ఉదయం 7:15

అది ఎందుకు పని చేయలేదో నాకు అనుమానం ఉంది. ఆమె వెనక వరసలో నిలబడింది, ముందు రెండు వరసల జనం. బ్లూటూత్ ఖాళీ జాగాలో పది మీటర్ల దాకా అందుతుంది గానీ మన ఒంట్లో ఉండే నీరు దాన్ని మింగేస్తుంది. పిడికిట్లో బిగించి, వీపు వెనక దాచి, ముందు ఇద్దరు మనుషులుంటే ఐదు మీటర్లు కూడా గ్యారంటీ లేదు. పైగా ఈ చిన్న రిమోట్లు కాసేపు ముట్టుకోకపోతే నిద్రపోతాయి. అప్పుడు మొదటి నొక్కుడు దాన్ని లేపడానికే సరిపోతుంది. రెండు క్షణాలు ఆగి మళ్లీ నొక్కాలి.

రిమోట్ కాకుండా ఫోనే నిద్రపోయి ఉండవచ్చు. జనాన్ని సర్దేలోపు కెమెరా మూసుకుపోతే రిమోట్ దాన్ని తెరవలేదు. తెర ఆరిపోయే సమయాన్ని సెట్టింగుల్లో 10 నిమిషాలకి పెంచుకోండి.

టైమర్‌తో ఉన్న ఇబ్బంది వేరు. పది సెకన్లలో నొక్కినవాళ్లు పరుగెత్తి వచ్చి నిలబడాలి. మిగతావాళ్లంతా ఆ పరుగునే చూస్తారు. ఒక్కో ఫొటోకి ఒక్కో పరుగు. నాలుగోసారికి ముసలివాళ్లు అలిసిపోతారు, పిల్లలు చెదిరిపోతారు. రిమోట్ ఉంటే నిలబడ్డ చోటినుంచే ఇరవై తీయవచ్చు. నేనైతే రెండూ కలుపుతాను. టైమర్ 2 సెకన్లు పెట్టి రిమోట్ నొక్కితే చాలా ఫోన్లలో ఆ రెండు సెకన్లు ఆగే క్లిక్ మంటుంది. నొక్కిన చెయ్యి దించుకోవడానికి అది చాలు.

టీచరమ్మా, మీ రిమోట్ బాగానే ఉంది. ఫోన్ దృష్టిలో అదొక కీబోర్డు. నొక్కినప్పుడు సౌండ్ పెంచే మీట నొక్కినట్టు కబురు పంపుతుంది, అంతే. కెమెరాలో ఆ మీటకి ఏ పని అప్పగించి ఉంటే అదే జరుగుతుంది. మీ ఫోన్‌లో దానికి సౌండ్ పని అప్పగించి ఉంది. కొందరికి జూమ్ అవుతుంది, అదీ ఇదే కారణం. కెమెరా తెరిచి, దాని సెట్టింగుల్లో వాల్యూమ్ బటన్ ఏం చేయాలి అన్న వరస ఉంటుంది. శామ్‌సంగ్‌లో అయితే Shooting methods లోపల ఉంటుంది. దాన్ని ఫొటో తీయడానికి మార్చండి. ముందు రిమోట్ లేకుండా ఫోన్ పక్కనున్న వాల్యూమ్ మీట నొక్కి చూడండి. దానితో ఫొటో పడితే రిమోట్‌తోనూ పడుతుంది.

---

సిరొంచ టీచర్
జనవరి 18, ఉదయం 8:02

పడింది!! నెల రోజులుగా దీన్ని బీరువాలో పడేశాను. బ్లూటూత్ లిస్టులో దీని పేరు AB Shutter3 అని ఉంది. దీనికి రెండు బటన్లున్నాయి. పెద్దది నొక్కితే ఫొటో పడుతోంది, చిన్నది నొక్కితే ఒకోసారి పడుతోంది, ఒకోసారి లేదు. చాలా ధన్యవాదాలు మాస్టారూ.

---

జయపురం ఫొటో
జనవరి 18, ఉదయం 8:20

పెద్దదే వాడండి. వాడనప్పుడు పక్కనున్న స్విచ్ ఆపేయండి. లోపల CR2032 అని రాసున్న గుండ్రటి సెల్ ఉంటుంది, వాచీ షాపుల్లో దొరుకుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ సెల్ జాగ్రత్త, మింగితే చాలా ప్రమాదం.

---

బరంపురం లెక్కలు
జనవరి 18, ఉదయం 10:11

ఎన్ని ఫొటోలు తీయాలో ఎవరూ చెప్పలేదు. దానికీ ఒక లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు, ఎవరూ కన్ను మూయని ఫొటో ఒక్కటైనా రావాలంటే ఎన్ని తీయాలో కట్టి చూశారు. దానికి 2006లో, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. వెలుతురు బాగుంటే మనుషుల సంఖ్యని మూడుతో, తక్కువగా ఉంటే రెండుతో భాగించాలి. 34ని మూడుతో భాగిస్తే 11 పైచిలుకు. కాబట్టి 12 తీస్తే చాలు.

---

జయపురం ఫొటో
జనవరి 18, ఉదయం 10:40

లెక్క మంచిదే మాస్టారూ, కానీ ఆ సూత్రం 20 మంది లోపు గుంపుకి. అంతకు మించితే అవసరమైన ఫొటోల సంఖ్య ఇంకా వేగంగా పెరుగుతుంది. 34 మందికి నేనైతే ఇరవైకి తగ్గను. అప్పుడు కూడా ఎవరో ఒకరు కన్ను మూసే ఉంటారు. తాతగారు, పిల్లలు బాగున్నది ఎంచుకోవడమే.

అమ్మాయీ, ఇంకొక్క సంగతి. ఎంత దూరంలో పెట్టాలో ముందే లెక్క వేసుకో. కుర్చీల్లో 10 మంది, వాళ్ల వెనక 12 మంది, వాళ్ల వెనక బల్ల మీద 12 మంది. 12 మంది వరస సుమారు 6 మీటర్లు వస్తుంది. ఫోన్ మామూలు లెన్స్, అంటే 1x, ఎంత దూరంలో ఉంటే దానికి ఒకటింపావు రెట్ల వెడల్పు పట్టుకుంటుంది. ఐదున్నర మీటర్ల దూరంలో పెడితే దగ్గర దగ్గర 7 మీటర్లు పడుతుంది. రెండు పక్కలా కాస్త ఖాళీ కూడా మిగులుతుంది. జాగా చాలలేదని 0.5xకి పోవద్దు. చివర నిలబడ్డవాళ్ల తలలు సాగిపోతాయి, ఆడవాళ్లు నొచ్చుకుంటారు. రిమోట్ ముందు వరసలో కూర్చున్నవాళ్ల ఒడిలో ఉండాలి, వెనక వరసలో కాదు.

---

నాగావళి_రాయగడ
జనవరి 18, మధ్యాహ్నం 1:25

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. నాకూ ఇదే రిమోట్ ఉంది. నాకు కావాల్సింది హాతీపత్థర్ దగ్గర నాగావళి నీళ్లు పట్టు చీరలా జారుతున్నట్టు రావడం. అక్కడ ఏనుగుల్లాంటి బండల మధ్యనుంచి నీళ్లు దూకుతాయి కదా. పెద్ద కెమెరాలో బల్బ్ అని ఉండేది, వైరు రిమోట్ నొక్కి పట్టుకున్నంతసేపూ షట్టర్ తెరుచుకునే ఉండేది. ఇక్కడా రిమోట్ నొక్కి పట్టుకున్నాను. 40 ఫొటోలు వరసగా పడ్డాయి గానీ నీళ్లు మాత్రం అలాగే గడ్డకట్టినట్టున్నాయి. మధ్యాహ్నం ప్రో మోడ్‌లో సెకను పెడితే మొత్తం తెల్లగా సున్నం కొట్టినట్టు వచ్చింది.

---

గుణుపురం బావ
జనవరి 18, మధ్యాహ్నం 2:03

దానికి నల్లద్దాలు అడ్డం పెట్టాలి అన్నా. చలవ కళ్లద్దం ఒకటి లెన్స్ మీద ఆనించి టేపు వేయి. నేను వంశధార దగ్గర చేశాను, నీళ్లు మెత్తగా వచ్చాయి.

---

జయపురం ఫొటో
జనవరి 18, మధ్యాహ్నం 3:30

రాయగడ బాబూ, ఈ చిన్న రిమోట్‌తో బల్బ్ ఉండదు. నొక్కి పట్టుకుంటే వాల్యూమ్ మీట నొక్కి పట్టుకున్నట్టే. కొన్ని ఫోన్లలో వరస ఫొటోలు, కొన్నింటిలో వీడియో మొదలవుతుంది. ఎంతసేపు తెరిచి ఉంచాలో ప్రో మోడ్‌లో ముందే పెట్టుకోవాలి. రిమోట్ మొదలు మాత్రమే పెడుతుంది. కాబట్టి నీళ్ల ఫొటోకి నీకు రిమోట్ అక్కర్లేదు. నీళ్లు నిన్ను చూసి నవ్వవు, ఏ క్షణమైనా ఒకటే. 5 సెకన్ల టైమర్ పెట్టి వేలు తీసేయి. వేలు తగిలిన ఊపు తగ్గడానికి మంచి స్టాండ్‌కి 2 సెకన్లు చాలు. మెలికలు తిరిగే రబ్బరు కాళ్ల స్టాండ్ అయితే 5 ఉంచు, అది చాలాసేపు వణుకుతుంది.

తెల్లగా ఎందుకొచ్చిందంటే, ఫోన్ లెన్స్ కన్ను చాలావాటిలో ఒకే సైజు, చిన్నది చేసుకోలేదు. ఐఎస్ఓ అంటే వెలుగుని ఫోన్ ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. f/1.8 లెన్స్‌కి నిండు ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర సుమారు 1/8000 సెకను సరిపోతుంది. నువ్వు దానికి పూర్తి సెకను ఇచ్చావు, అంటే ఎనిమిది వేల రెట్లు వెలుగు. చలవ కళ్లద్దం ఆ వెలుగుని ఐదారు వంతుల్లో ఒక వంతుకి తగ్గిస్తుంది, అంతే. అందుకే నడి మధ్యాహ్నం దానితో పని జరగదు. గుణుపురం తమ్ముడు సాయంత్రమో మబ్బులోనో తీసి ఉంటాడు, పైగా రంగు కూడా కాస్త ఆకుపచ్చగానో గోధుమగానో తిరిగి ఉండాలి.

ఖర్చు లేని దారి సమయం. సూర్యుడు దిగిన తర్వాత ఇరవై, ముప్ఫై నిమిషాలకి ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది. అప్పుడు ఐఎస్ఓ 50 పెట్టి, అర సెకనుతో మొదలుపెట్టి చూడు. తెల్లబడితే పావు సెకను, చీకటిగా ఉంటే సెకను. పట్టులా రావడానికి అర సెకను నుంచి సెకను చాలు. పది సెకన్లు పెడితే నీళ్లు కాదు, పొగమంచు వస్తుంది. ఫోకస్ బండ మీద పెట్టి లాక్ చేసుకో. నీళ్ల మీద పెడితే అది వెతుక్కుంటూ ఉంటుంది. ఆ బండలు నాచుతో జారతాయి, వెలుతురు ఉండగానే చోటు చూసి స్టాండ్ పెట్టుకో. తిరిగి రావడానికి టార్చ్ ఉంచుకో.

---

గుణుపురం బావ
జనవరి 18, సాయంత్రం 4:10

నిజమే, మబ్బుగా ఉన్న సాయంత్రమే తీశాను. నీళ్లు కాస్త పచ్చగా వచ్చాయి కూడా.

---

మహేంద్రతనయ
జనవరి 19, రాత్రి 11:35

అందరూ బండెక్కేశారు. ఇల్లు బోసిపోయింది. ఫొటో మాత్రం వచ్చింది!

నాలుగున్నరకి ఇంటి తూర్పు పక్కన కుర్చీలు వేశాం. తాడుతో ఐదున్నర మీటర్లు కొలిచి, స్టాండ్ పెట్టే చోట ముగ్గుపిండితో గుర్తు పెట్టాను. ఫోన్ కూర్చున్నవాళ్ల తలకన్నా కాస్త ఎత్తులో ఉంచాను. తాతయ్య ముఖం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేశాను. మొదటి ఫొటో వివరాల్లో 1/120 అని చూసి ప్రాణం కుదుటపడింది.

రిమోట్ తాతయ్య చేతికే ఇచ్చాం. బొటనవేలు దాని మీద పెట్టి, పూజలో అక్షతలు పట్టుకున్నట్టే పట్టుకున్నారు. మొదటి నొక్కుడుకి ఏమీ కాలేదు. మీరు చెప్పినట్టు అది నిద్రలో ఉంది. రెండోసారి నొక్కి వదలకుండా అలాగే పట్టుకున్నారు. ఫోన్ టకటకా వరసగా తీసేసింది! ఆ చప్పుడుకి పిల్లలంతా నవ్వేశారు, పెద్దవాళ్లూ నవ్వేశారు. ఆ వరసలో 23 పడ్డాయి. తర్వాత ఒక్కొక్కటిగా ఇంకో 11 తీశాం. నాకు నచ్చింది ఆ నవ్వుల వరసలో పదిహేడోది. అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి, మా చిన్నమావయ్యవి తప్ప.

మా బావగారి చంటిదాని చెయ్యి మాత్రం ఇంకా అలుక్కుపోయి ఉంది. 1/120 కూడా దానికి చాలలేదా?

---

జయపురం ఫొటో
జనవరి 20, ఉదయం 6:50

చాలా సంతోషం అమ్మా. చంటిబిడ్డ చెయ్యి ఊపితే 1/120 చాలదు. 1/250 దాకా కావాలి. అది నీడలో ఫోన్ తనంతట తానుగా ఇవ్వదు, ప్రో మోడ్‌లో ఐఎస్ఓ పెంచి నువ్వే పెట్టుకోవాలి. పెద్ద ప్రింటు వేయించేటప్పుడు ఒరిజినల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన కాపీ ఇవ్వకు, అది చిన్నదైపోతుంది.

---

సిరొంచ టీచర్
జనవరి 20, ఉదయం 9:14

తాతగారి ఫొటో సంగతి చదివి కళ్లు చెమర్చాయి. నాకు ఇంకో ఇబ్బంది వచ్చింది. నిన్నటినుంచి వాట్సాప్‌లో టైపు చేద్దామంటే కీబోర్డు రావడం లేదు. రిమోట్ వల్ల ఫోన్ పాడైందా?

---

జయపురం ఫొటో
జనవరి 20, ఉదయం 9:30

పాడవలేదు. రిమోట్ ఇంకా కనెక్ట్ అయి ఉంది. అసలు కీబోర్డు తగిలించారనుకుని ఫోన్ తన కీబోర్డు దాచేసింది. రిమోట్ స్విచ్ ఆపండి, వచ్చేస్తుంది.

---

నాగావళి_రాయగడ
జనవరి 20, రాత్రి 8:45

ఈరోజు హాతీపత్థర్ వెళ్లాను. సూర్యుడు దిగాక పాతిక నిమిషాలకి, ఐఎస్ఓ 50, అర సెకను, 5 సెకన్ల టైమర్. నీళ్లు నేను కోరుకున్నట్టే వచ్చాయి. కానీ పెద్దది చేసి చూస్తే బండ అంచు సన్నగా రెండు గీతల్లా ఉంది. ఆరు తీస్తే మూడింటిలో ఉంది, మూడింటిలో లేదు. గాలి కొద్దిగా ఉంది. స్టాండ్ రబ్బరు కాళ్లదే.

---

గుణుపురం బావ
జనవరి 20, రాత్రి 9:10

అది ఫోన్ లోపల ఉండే స్టెబిలైజేషన్ వల్ల. స్టాండ్ మీద పెట్టినప్పుడు అది లేని కదలికని వెతికి లెన్స్‌ని ఊపుతుందట. ఆపేయాలి.

---

జయపురం ఫొటో
జనవరి 20, రాత్రి 9:52

పాత కెమెరా లెన్సుల విషయంలో ఆ మాట నిజం. ఫోన్లలో నేను తేడా గట్టిగా పట్టుకోలేకపోయాను, చాలా ఫోన్లలో ఫొటోకి దాన్ని ఆపే బటనే ఉండదు. నా అనుమానం రబ్బరు కాళ్ల మీదే. ఆరింటిలో మూడు బాగున్నాయంటే గాలి ఆగినప్పుడు తీసినవి అయ్యుంటాయి. ఈసారి స్టాండ్ వదిలేసి, ఫోన్‌ని బియ్యం పోసిన గుడ్డ సంచి మీద పెట్టి, బండకి ఆనించి అదే అర సెకనుతో ఆరు తియ్యి. అప్పుడూ రెండు గీతలు వస్తే తమ్ముడు చెప్పిందే సరి.

---

నాగావళి_రాయగడ
జనవరి 20, రాత్రి 10:03

గురువారం సెలవు పెడుతున్నాను. బియ్యం సంచి సిద్ధం.